రోడ్డు అంచు సేఫ్ కాదు: సిటీ ట్రాఫిక్‌లో సైకిల్ ఎక్కడ నడపాలి?

దృశ్యం: ఉదయం 8:50. తార్నాక. సైకిల్ హ్యాండిల్‌కు బిగించిన కెమెరాలోంచి రోడ్డు. ఎడమ పక్కన వరసగా ఆగి ఉన్న కార్లు, డ్రైనేజీ మూతలు, కొబ్బరిబోండాల బండి.

కథనం:
ఈ వీడియోలో ఒక్క నిమిషం నన్ను కాదు, నా ముందు చక్రాన్ని చూడండి. ఫుట్‌పాత్ అంచుకు ఎంత దూరంలో ఉందో గమనించండి. దాదాపు మూడడుగులు. సైకిల్ మొదలుపెట్టిన కొత్తలో అరడుగు కూడా ఉండేది కాదు. "ఓ పక్కగా పోతే ఎవరికీ అడ్డం ఉండం, మనకూ ఏం కాదు" అనుకునేవాణ్ని. ఆ పక్కకే ఒకరోజు కారు డోరు తెరుచుకుంది.

దృశ్యం: ఆగి ఉన్న కారు పక్కన నిలబడి. కెమెరా పైనుంచి.

కథనం:
స్పీడేం లేదు, పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. కారాయన వెనక అద్దంలో చూడకుండా డోరు తీశాడు. నేను డోరుకు గుద్దుకోలేదు, దాన్ని తప్పించబోయి కుడికి తిప్పాను. వెనక బండేదీ లేదు కాబట్టి మోచేయి ఒక్కటే చీరుకుపోయింది. డోరు దెబ్బ ఇలా కూడా ఉంటుంది. ప్రమాదం డోరులోనే కాదు, దాన్ని తప్పించుకుందామని మనం చూడకుండా దూరిపోయే పక్క లేన్‌లోనూ ఉంది.

కారు డోరు పూర్తిగా తీస్తే సుమారు మీటరు బయటికి వస్తుంది. మన హ్యాండిల్ మధ్య నుంచి చివరికి ఇంకో జానెడున్నర. అందుకని నా లెక్క ఇది: ఎడమ చెయ్యి చాచినా కారుకు తగలకపోవడం చాలదు, వేళ్ల చివరి నుంచి ఇంకా అడుగున్నర ఖాళీ ఉండాలి. అంత జాగా లేని సందయితే లేన్ మధ్యలోకి వచ్చేస్తాను. వెనకాల హారన్ మోగుతుంది, మోగనివ్వండి. హారన్ కొట్టాడంటే మనల్ని చూశాడనే అర్థం.

దృశ్యం: విద్యానగర్ దగ్గర సందు. వెనక నుంచి ఆటో.

ఆటో డ్రైవర్: అన్నా, జర సైడ్ ఇయ్యరాదె!

నేను: కార్లు అయిపోంగనే ఇస్తా అన్నా!

కథనం:
కార్ల వరస అయిపోయింది, ఎడమకు జరిగాను, ఆయన వెళ్లిపోయాడు. మొత్తం ఎనిమిది సెకన్లు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రెండు కార్ల మధ్య ఖాళీ కనిపించగానే అందులోకి దూరి, మళ్లీ బయటికి వస్తారు. వెనకవాళ్లకు అప్పుడు మీరు కనిపించకుండా పోయి, ఉన్నట్టుండి ఎదురవుతారు. నాలుగైదు కార్ల దూరం ఖాళీ ఉంటే తప్ప లోపలికి జరగకండి. తిన్నగా పోయే సైకిల్ వెనకవాళ్లకు అర్థమవుతుంది.

దృశ్యం: సిటీ బస్సు స్టాపు దగ్గర ఆగుతోంది. అయితే స్టాపులో కాదు, రోడ్డు మధ్య లేన్‌లో.

కథనం:
హైదరాబాద్‌లో బస్సు స్టాపుకు ఆనుకుని ఆగడం అదృష్టం ఉన్న రోజు జరుగుతుంది. మిగతా రోజుల్లో ఇదిగో, ఇలా. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య నాలుగడుగుల జాగా ఉంది. సైకిల్‌కు సరిగ్గా సరిపోతుంది కదా అనిపిస్తుంది. వద్దు. మన దేశంలో బస్సు డోర్లు ఎడమ పక్కనే. అందులోంచి ఇప్పుడు నలుగురు దిగబోతున్నారు. వాళ్లు కింద మెట్టును చూసుకుంటారు కానీ వెనక నుంచి వచ్చే సైకిల్‌ను చూడరు.

ఇంకో విషయం ఉంది. పన్నెండు మీటర్ల బస్సు ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రం వెళ్లిన దారిలో వెనక చక్రం రాదు. అది మూలను కోసుకుంటూ లోపలి నుంచి వస్తుంది. ముందు చక్రం వెళ్లిపోయింది కదా అని పక్కన నిలబడ్డవాళ్లను నొక్కేది ఆ వెనక చక్రమే. డ్రైవర్‌కు ఎడమ వైపు బస్సు పొడుగునా కనిపించని చోటు చాలా ఉంటుంది. మీరున్న చోట నుంచి అద్దంలో ఆయన మొహం కనిపించకపోతే, ఆయనకు మీరూ కనిపించనట్టే. మొహం కనిపించినా మిమ్మల్ని చూశాడని హామీ ఏమీ లేదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చూడండి. బస్సు ఇంకా పదిహేను మీటర్లు ఉండగానే తొక్కడం ఆపాను. కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూశాను. రెండు బైకులు వస్తున్నాయి, వాటిని పోనిచ్చాను. కుడి చెయ్యి చాచాను. మళ్లీ చూశాను. అప్పుడు కుడికి జరిగి బస్సును దాటాను. ఒకవేళ బస్సు కుడి ఇండికేటర్ వేసి కదలబోతుంటే దాటను, వెనకే ఆగిపోతాను. స్టాపు దగ్గర అరనిమిషం ఆగితే పోయేదేం లేదు. వెనక్కి తిరిగి చూస్తే సైకిల్ కూడా కుడికి పోతుందా? మొదట్లో అందరికీ పోతుంది. ఖాళీ గ్రౌండ్‌లో ఒక తెల్ల గీత మీద నడుపుతూ ప్రాక్టీస్ చేయండి. గీత దాటకుండా వెనక ఎవరున్నారో చెప్పగలిగిన రోజున మెయిన్ రోడ్డెక్కండి.

దృశ్యం: ముందున్న ఆటో క్లోజప్. డ్రైవర్ తల ఎడమకు తిరిగి ఉంది.

కథనం:
ఆటో ఇండికేటర్ కోసం ఎదురుచూడొద్దు. డ్రైవర్ తల చూడండి. ఫుట్‌పాత్ వైపు చూస్తున్నాడంటే సవారీ వెతుకుతున్నాడు, ఏ క్షణమైనా ఎడమకు కోసేస్తాడు. తల తర్వాత ముందు చక్రం తిరుగుతుంది, ఆ తర్వాతే ఆటో. మీరు చక్రాన్ని చూస్తుంటే అర సెకను ముందు తెలుస్తుంది.

దృశ్యం: స్క్రీన్ మీద మ్యాప్. తార్నాక నుంచి హిమాయత్‌నగర్ దాకా రెండు గీతలు.

కథనం:
ఇక దారి సంగతి. నేను రోజూ వెళ్లేది తార్నాక నుంచి హిమాయత్‌నగర్. సిటీలో సైకిల్ దారి వెతికేటప్పుడు సందుల నుంచి మొదలుపెట్టొద్దు. తప్పించుకోలేని చోటు ఎక్కడుందో ముందు చూడండి. రైలు పట్టాలో, మూసీనో, పెద్ద హైవేనో అడ్డం ఉంటుంది. దాన్ని దాటే చోట్లు రెండో మూడో ఉంటాయి. ఆ చోటు ఖాయం చేసుకుంటే మిగతాది దానంతట అదే కుదురుతుంది. నా దారిలో రైల్వే లైను ఉంది, దాన్ని అడిక్‌మెట్ వంతెన మీద దాటుతాను. అక్కడి దాకా ఉస్మానియా క్యాంపస్ లోపలి నుంచి, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి వస్తాను. చెట్ల నీడ, వెడల్పు రోడ్డు. ఏదైనా సభో ధర్నానో ఉన్న రోజు గేటు మూస్తే మాత్రం తిప్పలే.

వంతెన దిగాక రెండు దారులు. రామ్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా నారాయణగూడ ఒకటి. విద్యానగర్, శంకర్‌మఠం, నల్లకుంట, బర్కత్‌పుర మీదుగా రెండోది. మొదటిది నాకు నాలుగు నిమిషాలు తక్కువ. నేను రెండోదాంట్లోనే వెళ్తాను, ఎందుకంటే అక్కడ బండ్లు నాకంటే ఐదో పదో కిలోమీటర్ల స్పీడు ఎక్కువగా పోతాయి, అంతే. తప్పు జరిగినా బ్రేకుకు టైం ఉంటుంది. అలా అని సందులన్నీ మంచివి కావు. మూలన పార్క్ చేసిన కార్ల వెనక నుంచి పిల్లలు వస్తారు, స్పీడ్ బ్రేకర్లకు రంగు ఉండదు, కుక్కలు వెంటపడతాయి. కుక్క వెంటపడితే నేను సైకిల్ దిగి, దానికీ నాకూ మధ్య సైకిల్ ఉండేలా పట్టుకుని నడుస్తాను. చాలాసార్లు దానికి ఆసక్తి పోతుంది.

కొత్త దారిని ఆదివారం పొద్దున చూసి సంబరపడకండి. అదే దారిని మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ఒకసారి నడిచో, బైక్ మీదో చూడండి. స్కూల్ బస్సులు ఎక్కడ నిలబడతాయో అప్పుడే తెలుస్తుంది.

అన్నట్టు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో వచ్చిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ గురించి కామెంట్లలో అడుగుతుంటారు. బాగుంటుంది, నేనూ వెళ్తాను. కానీ తార్నాక నుంచి ఆఫీసుకు పోవడానికి అది పనికిరాదు కదా.

దృశ్యం: రాత్రి 7:30. వీధి దీపాల మధ్య చీకటి ముక్క. నల్ల చొక్కా వేసుకున్న సైక్లిస్ట్. అదే చోట, అదే మనిషి, ఈసారి లైటుతో.

కథనం:
ఒక చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే కారు సెకనుకు 14 మీటర్లు పోతుంది. మనల్ని చూసి బ్రేక్ మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను, అంటే 21 మీటర్లు. ఆగడానికి ఇంకో 14. పొడి రోడ్డు మీద మొత్తం 35 మీటర్లు. డిమ్ లైట్లలో నల్ల చొక్కా మనిషి ముప్పై మీటర్ల దగ్గరకు వచ్చేదాకా కనిపించకపోవచ్చు. ఆ తేడా ఐదు మీటర్లు. వాన పడితే ఇంకా పెరుగుతుంది.

వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, ఈ రెండూ ఉంటే ఆ లెక్క మారిపోతుంది. పచ్చగా మెరిసే జాకెట్ పగలు బాగా కనిపిస్తుంది, రాత్రి మాత్రం దాని మీది వెండి రంగు పట్టీలే పనిచేస్తాయి. అవి కూడా హెడ్‌లైట్ పడితేనే. నాకు బాగా నచ్చింది చీలమండకు కట్టుకునే రిఫ్లెక్టర్ పట్టీ. తొక్కుతుంటే పైకీ కిందికీ ఆడుతుంది, దూరం నుంచే "అది సైకిల్" అని తెలిసిపోతుంది.

దృశ్యం: వెనక లైటు మీద వేలాడుతున్న రెయిన్‌కోటు అంచు.

కథనం:
ఇది నా సైకిలే. కిందటి వానాకాలం రెండు వారాలు ఇలాగే తిరిగాను. లైటు వెలుగుతూనే ఉంది, రెయిన్‌కోటు దాన్ని కప్పేసింది. ఒక స్నేహితుడు వెనక బైక్ మీద వస్తూ చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పటి నుంచి లైటును సీటు కింద నుంచి తీసి, వెనక చక్రం పక్క రాడ్డుకు బిగించాను. మీరూ బ్యాగ్, రెయిన్‌కోటు అన్నీ వేసుకుని సైకిల్ ఎక్కాక, ఇంట్లోవాళ్లను వెనక ఇరవై అడుగుల్లో నిలబెట్టి అడగండి.

దృశ్యం: పెద్ద సర్కిల్. సిగ్నల్ ఎరుపు.

కథనం:
చివరగా నన్ను అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది, కుడి మలుపు. మూడు లేన్లు కోసుకుంటూ కుడికి చేరడం నేను మానేశాను. పచ్చ పడగానే ఎడమ వైపునే ఉండి తిన్నగా అవతలికి వెళ్తాను. అయితే ఫ్రీ లెఫ్ట్ బండ్లకు అడ్డం పడకుండా, ముప్పై మీటర్ల ముందే వాటి లేన్ వదిలి తిన్నగా పోయే లేన్‌లోకి వచ్చి ఉండాలి. అవతలి మూలకు చేరాక ఆగి, సైకిల్‌ను కుడి వైపు రోడ్డుకు తిప్పి నిలబడతాను. ఎడమ వైపు రోడ్డు నుంచి వచ్చే బండ్లకు పచ్చ పడ్డాక వాటితో పాటు తిన్నగా పోవడమే. ఒక్క సిగ్నల్ ఎక్కువ పడుతుంది. జంక్షన్ మూసేసి యూటర్న్ పెట్టిన చోట ఇది కుదరదు. అక్కడ దిగి, జీబ్రా క్రాసింగ్ దగ్గర సైకిల్‌ను నడిపించుకుంటూ దాటతాను.

దృశ్యం: 9:22. హిమాయత్‌నగర్. సైకిల్ స్టాండ్ వేసి, తాళం వేస్తూ.

కథనం:
ముప్పై రెండు నిమిషాలు. చెమట పట్టింది, ఎవరితోనూ గొడవ పడలేదు. వచ్చే వీడియోలో పంక్చర్.