మొగుడూ పెళ్ళాం మధ్యలో ఒక ఫ్రిజ్ ఉండాల!

"అన్నా మాది కావలి. నేనూ నా వైఫూ కలిసి టిఫిన్ సెంటర్ పెడదామనుకుంటా ఉండాం. గొడవలు రాకుండా ఇద్దరం చేసుకునే బిజినెస్ ఏదన్నా ఉంటే చెప్పన్నా."

వద్దు తమ్ముడూ. టిఫిన్ సెంటర్ వద్దంటే వద్దు. మొగుడూ పెళ్ళాం కలిసి టిఫిన్ సెంటర్ పెట్టొద్దని చెప్పిన మొన్నటి వీడియో కింద మీరందరూ ఎంత రచ్చ చేశారో నాకు గుర్తుండాది, ఒకాయనైతే మా అమ్మానాన్నా ముప్పై ఏళ్ళు హోటల్ నడిపారు నువ్వెవడివిరా చెప్పడానికి అన్నాడు, సరే సామీ, నడిపారు, నేను కాదంటానా, కానీ ఆ ముప్పై ఏళ్ళలో పొద్దున ఏడింటి నించి తొమ్మిదిన్నర దాకా ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఒకసారి మీ అమ్మని అడిగి రా, తర్వాత మాట్లాడదాం.

అందరూ ఏం చెప్తారు? అండర్‌స్టాండింగ్ ఉండాల, ఓపిక ఉండాల, ఇగో ఉండకూడదు. ఇయ్యన్నీ ఉట్టి మాటలు! నేను చెప్పేది ఒక్కటే, ఇద్దరికీ ఒకే టైంలో రష్ వచ్చే బిజినెస్ మొగుడూ పెళ్ళాలకి పనికిరాదు. ఒకరు చేసిన సరుకు కాసేపన్నా ఆగాల, ఆగినాక రెండోవాళ్ళు దాన్ని ఎత్తుకోవాల. మధ్యలో ఒక ఫ్రిజ్ ఉండాల. ఫ్రిజ్ కాకపోతే హ్యాంగర్, హ్యాంగర్ కాకపోతే డబ్బాలు పెట్టే అల్మారా, ఏదో ఒకటి ఉండాల. నవ్వొద్దు, నేను సీరియస్‌గానే చెప్తా ఉండా.

టిఫిన్ సెంటర్‌లో ఏం జరుగుద్దో చూడండి. పొద్దున ఎనిమిదింపావు. పెనం మీద నాలుగు కారం దోసెలు ఉండాయి, ఆమె ఎర్ర కారం పూసి పప్పుల పొడి చల్లతా ఉంటది. ఆయన గల్లా దగ్గర. ఆర్డర్ ఎవరు తీసుకుంటారు? ఆయన. వేసేది ఎవరు? ఆమె. కస్టమర్ తిట్టేది ఎవర్ని? ఆయన్ని. ఆయన ఎవర్ని తిడతాడు? అదీ కథ! "మేయ్, ఆ మూడో టేబుల్ దోసె ఏమైంది" అని అరుస్తాడు, అక్కడ పది మంది ఉండారు, పక్కింటి మాస్టారు ఉండాడు, ఆమె పది మంది ముందు ఆ మాట పడాల. ఆమె దోసె తిప్పతా "నాకేమన్నా నాలుగు చేతులుండాయా" అనుద్ది, ఆ మాట ఆయన పది మంది ముందు పడాల. పెనం మీద దోసె ఆగదు, బయట కస్టమర్ ఆగడు, మధ్యలో ఆగాల్సింది వీళ్ళ నోరు, అది మాత్రం ఎట్టా ఆగుద్ది? ఇద్దరూ మంచోళ్ళే. ఆ టైం అట్టాంటిది.

ఇంకోటి, ఎనిమిదింపావుకి స్కూల్ నించి ఫోన్ వచ్చింది, పిల్లోడికి జొరం. ఎవరు పోతారు? ఆమె పోతే పెనం ఆగుద్ది, ఆయన పోతే గల్లా ఖాళీ. ఇద్దర్నీ ఒకే గంటలో కట్టేసే వ్యాపారం అంటే ఇదబ్బా.

బట్టల షాపు పెడతాం అన్నా అంటారు కొంతమంది. అది ఇంకా ఘోరం. చీర ఆయన పన్నెండొందలు అంటాడు, అవతల చివర కూర్చున్న ఆమె, కస్టమర్ తెలిసినామె అని, వెయ్యికి ఇచ్చేయండి అనుద్ది. అంతే! షాపు మూసేదాకా ఆయన మొహం చూడాల. రేటు చెప్పే నోరు ఒకటే ఉండాల, రెండు నోళ్ళు ఒకే కౌంటర్లో ఉంటే లాభం షాపుకి కాదు, కొనేవాడికి. రొయ్యల చెరువు సంగతి అడిగినోళ్ళకి ఒక్క ముక్క, అక్కడ సమస్య వేరే, మూడు నెలల పెట్టుబడి మొత్తం నీళ్ళలో ఉంటది, రొయ్యలకి తెల్లమచ్చ రోగం వస్తే ఇద్దరి సంపాదనా ఒకే దెబ్బకి పోద్ది, ఇంట్లో ఒక జీతమన్నా బయట నించి రాకపోతే దాని జోలికి పోవద్దు. ముత్తుకూరు వైపు నాకు తెలిసినోళ్ళు ఉండారు గాబట్టి చెప్తా ఉండా, సరే, అది ఇంకో వీడియో.

ఇప్పుడు కావలి తమ్ముడికి నేను చెప్పే బిజినెస్. ఇడ్లీ పిండి. ఇడ్లీ కాదు, పిండి! అదే మినప్పప్పు, అదే రవ్వ, కానీ పెనం లేదు, టేబుల్ లేదు, ఎనిమిదింపావు లేదు.

రోజు ఎట్టా ఉంటదంటే, ఆమె పొద్దున తొమ్మిదింటికి పప్పు నానేస్తది, నాలుగైదు గంటలు నానితే చాలు. మధ్యాహ్నం రెండింటికి గ్రైండర్. ఒక కిలో మినప్పప్పుకి రెండు కిలోల ఇడ్లీ రవ్వ, నానబెట్టి కడిగి పిండి కలిపితే ఆరు కిలోల పైనే పిండి వస్తది. ఎండాకాలంలో రుబ్బేటప్పుడు ఐసు నీళ్ళు పొయ్యాల, ఎందుకంటే రాయి తిరిగే వేడికే పిండి పొంగడం మొదలుపెడతది, మన నెల్లూరు రోహిణీ కార్తె సంగతి తెలుసు గదా, బయట పెడితే సాయంత్రానికి పులుపు. పులవకముందే కిలో కవర్లలో పోసి, పైన కాస్త ఖాళీ వదిలి, సీలేసి, ఫ్రిజ్‌లో పెట్టేస్తది. నాలుగున్నరకి ఆమె పని అయిపోయింది, పిల్లోడు స్కూల్ నించి వచ్చే టైం. ఐదింటికి ఆయన ఫ్రిజ్ తీసి, ఐస్ బాక్స్‌లో సర్దుకుని, బండి మీద షాపులకి వేస్తాడు. ఎనిమిదింటికి ఆయన పని అయిపోద్ది. చూశారా, ఆమె రష్‌లో ఉన్నప్పుడు ఆయన లేడు, ఆయన రష్‌లో ఉన్నప్పుడు ఆమె లేదు, ఒకరి మీద ఒకరు అరవడానికి ఛాన్సే లేదు గదా! గ్రైండర్ తిరిగే టైంలో ఆయన ఇంట్లో ఉంటే మాత్రం ఉప్పు ఎక్కువైందేమో చూడు అని మొదలుపెడతాడు, ఆ రెండు గంటలు బయటికి పొమ్మనండి.

అసలు కిటుకు ఇది కాదు, దీని తర్వాతది. ఫ్రిజ్ దగ్గర రేటు పెట్టుకోవాల. అవును, మొగుడూ పెళ్ళాం మధ్యలో రేటు! తిట్టుకోండి, ముందు వినండి. లెక్క కోసం ఒక రేటు అనుకుందాం, మీ ఊర్లో వేరేగా ఉంటే మార్చుకోండి. కిలో పప్పు, రెండు కిలోల రవ్వ కలిపి 210, ఆరు ప్యాకెట్లకి పంచితే ఒక్కోదానికి 35. కవరు, స్టిక్కరు, కరెంటు ఒక 5. అంటే 40. ఆమె ఆయనకి 46కి అమ్ముద్ది. ఆయన షాపుకి 54కి వేస్తాడు, షాపువాడు 60కి అమ్ముకుంటాడు. రోజుకి 60 ప్యాకెట్లు అనుకుంటే ఆమెకి 360, అన్నీ అమ్ముడుపోతే ఆయనకి 480, పెట్రోలు ఆయనదే.

ఇప్పుడు నాలుగు ప్యాకెట్లు వెనక్కొచ్చాయి అనుకోండి, షాపోళ్ళు అమ్ముడుపోనివి తిరిగి ఇచ్చేస్తారు, అది ఈ వ్యాపారంలో రోజూ ఉండేదే. ఆయన 480 కాస్తా 264కి పడుద్ది. పది వెనక్కొస్తే ఆయన జేబులోంచి 60 పోద్ది! ఏంది, పది ప్యాకెట్లకే? పదికే. ఈ రేటు లేకుండా ఉమ్మడిగా చేస్తే ఏమవుద్ది, నేను ఇంత కష్టపడి 60 రుబ్బితే నువ్వు అమ్మలేకపోయావ్ అని ఆమె, నువ్వు అంత ఎందుకు రుబ్బావ్ అని ఆయన. రేటు ఉంటే ఆ గొడవ లేదు, ఎందుకంటే ఎన్ని కావాలో ఆయనే చెప్పాల. రాత్రి ఎనిమిదింటికి వచ్చి, ఏ షాపులో ఎన్ని మిగిలాయో చూసుకుని, రేపటికి 52 అని ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి పడుకుంటాడు. ఆమె పొద్దున దాన్ని చూసి పప్పు కొలుచుకుంటది. అంతే, మాట్లాడుకోవాల్సిన పనే లేదు, మాటలు సాయంత్రం వేరేవి మాట్లాడుకోండి.

మరి పులిసిపోయిన ప్యాకెట్ ఎవరి ఖాతా? ఇక్కడే ఇళ్ళు కూలేది. దీనికి తీర్పు చెప్పేది అత్తగారు కాదు, స్టిక్కరు. ప్యాకెట్ మీద తేదీ ఎట్టాగూ వెయ్యాల, దాని పక్కన ఎన్నో వాయో కూడా రాసుకోండి. ఒకే వాయి పిండి అన్ని షాపుల్లోనూ కవరు ఉబ్బిందంటే తప్పు రుబ్బే దగ్గర ఉండాది, వేడెక్కింది, లేకపోతే ఫ్రిజ్‌లో లేటుగా పెట్టారు, అది ఆమె వెనక్కి తీసుకోవాల. అన్ని షాపుల్లో బానే ఉండి ఒక్క షాపులోనే ఉబ్బిందంటే ఆ షాపువాడు రాత్రి కరెంటు బిల్లు మిగలాలని ఫ్రిజ్ ఆపేసి ఇంటికి పోతా ఉండాడు. పోయి పొద్దున్నే ఆ ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూడమనండి, తెలిసిపోద్ది. ఆ షాపు మానెయ్యాల, అది ఆయన ఖాతా. ఏ షాపుకీ పోకముందే మన ఫ్రిజ్‌లోనే కొన్ని ఉబ్బాయా? అడుగున ఒకదాని మీద ఒకటి కుక్కితే మధ్యలోవి చల్లబడవు, పిండి లోపలే పొంగుద్ది, మొదట విడివిడిగా పరిచి చల్లబడినాక పేర్చుకోవాల.

షాపుల్లో పేమెంట్ వచ్చిందని చెప్పే ఆ సౌండ్ బాక్స్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అరవై రూపాయలు వచ్చాయి అని ఊరంతా వినేట్టు అరుస్తది గదా, ఎవరి అకౌంట్‌లోకి వచ్చాయి? నూటికి తొంభై ఇళ్ళల్లో ఆయన అకౌంట్. పప్పు కొనాలంటే ఆమె ఆయన్ని అడగాల. చేసేది సొంత వ్యాపారం, అడుక్కునేది సొంత మొగుడ్ని, ఏందబ్బా ఇది? ఫ్రిజ్ రేటు పెట్టుకుంటే రోజూ రాత్రి ఆయన ఫోన్ నించి ఆమె అకౌంట్‌కి 46 ఇంటూ ప్యాకెట్లు పోవాల, పప్పు ఆమె కొనుక్కుంటది. పిండి తయారు చేసేది ఆమె గాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే సర్కారు సంస్థ, దాని రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదే తీసుకోండి, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాల, బరువూ ఎమ్మార్పీ కూడా.

దీంట్లో లోటు లేదా అంటే ఉండాది. టిఫిన్ సెంటర్ అంత డబ్బులు దీంట్లో రావు, బాగా నడిచే కారం దోసె బండితో పోల్చుకుంటే నవ్వొస్తది. కరెంటు పోతే ప్రాణం పోద్ది, ఐసు దొరికే చోటు ముందే చూసిపెట్టుకోవాల. పండగ ముందు రోజు రెండింతలు అడుగుతారు, ఆ రోజు ఇద్దరూ రుబ్బాల్సిందే, ఆ రోజు గొడవ కూడా గ్యారంటీ, సంవత్సరానికి నాలుగు రోజులు భరించండి.

తమ్ముడూ, షాపు అద్దెకి తీసుకోవద్దు, అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇంట్లో గ్రైండర్‌తో రోజుకి రెండు కిలోల పప్పు, పన్నెండు ప్యాకెట్లు, మీ వీధిలో రెండు షాపులు, ఒక నెల. రిటర్న్‌లు రోజుకి ఒకటికి మించకపోతే అప్పుడు టిల్టింగ్ గ్రైండర్ గురించి మాట్లాడదాం. మిగతావాళ్ళు కామెంట్లో బిజినెస్ పేరు రాయొద్దు, మీ రష్ టైం ఎన్నింటికి, మీ ఆవిడ రష్ టైం ఎన్నింటికి, రెండూ రాయండి. రెండూ ఒకటే అయితే ఏం చెప్తానో మీకు ముందే తెలుసు.