ఈ స్క్రిప్ట్ టైమర్‌కి తెలుగు మాట పొడుగు తెలీదు | వాయిస్ ఓవర్ వాళ్ల కోసం రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ స్క్రిప్ట్ టైమర్ యాప్ వాళ్లు నాకు ఏడాది అకౌంట్ ఫ్రీగా ఇచ్చారు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వీడియో ఇలా ఉండేది కాదు లెండి.

ఫీచర్ల లిస్టు మీరు వాళ్ల పేజీలో చూసే ఉంటారు. స్క్రిప్ట్ పేస్ట్ చేస్తే ఒక్కో లైనుకి ఎన్ని సెకన్లు పడుతుందో పక్కన చూపిస్తుంది. షాట్ నిడివి ఇస్తే, లైను దాన్ని దాటగానే ఎరుపు రంగులోకి మారుతుంది. చూడ్డానికి చాలా బాగుంది. అసలు గొడవంతా ఆ సెకన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న దగ్గరే.

రెండు లైన్లు పెట్టి చూద్దాం. మధ్యలో ఆగే టైమ్ సున్నా పెట్టాను, మాటల లెక్క ఒక్కటే తేలాలని. మొదటిది: "అది కాదు, ఇది కూడా కాదు, మరి ఏది?" రెండోది: "చేతులు కనీసం ఇరవై సెకన్లపాటు సబ్బుతో రుద్ది కడుక్కోవాలి." రెండింటిలోనూ ఏడేసి మాటలు. యాప్ రెండింటికీ 2.8 సెకన్లే ఇచ్చింది. నిమిషానికి 150 మాటలని పెట్టుకుని గుణించేస్తోంది, అంతే.

ఇప్పుడు అక్షరాలు లెక్కపెట్టండి. మొదటి లైన్లో 14, రెండో దాంట్లో 24. సమాచారం చెప్పే వీడియోలకి నేను సెకనుకి సుమారు 6 అక్షరాలు చదువుతాను. అంటే మొదటిది 2.3 సెకన్లు, రెండోది 4 సెకన్లు. మూడు సెకన్ల షాట్‌కి రెండో లైను సరిపోతుందని యాప్ పచ్చరంగు చూపిస్తుంటే, స్టూడియోలో మైకు ముందు నిలబడ్డ మనిషికి మాత్రం ఒక సెకను తక్కువ పడుతుంది.

తెలుగులో విభక్తీ, క్రియా, బహువచనమూ అన్నీ ఒకే మాటకి అతుక్కుంటాయి. "వినియోగదారులందరూ" అన్నది యాప్ దృష్టిలో ఒక మాట, నోటికి తొమ్మిది అక్షరాలు. అందుకే మన స్క్రిప్టుకి మాటల లెక్క పనికిరాదు.

సెట్టింగ్స్‌లో ఇంకో ఆప్షన్ ఉంది, క్యారెక్టర్లతో లెక్కించమని. అది ఇంకా ఘోరం. "స్త్రీ" అని టైప్ చేయండి. మనకి ఒక అక్షరం, యాప్‌కి ఆరు. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘం, ఇలా ఆరు ముక్కలుగా ఉంటుంది మరి. ఒత్తులు ఎక్కువున్న లైను దీనికి ఎప్పుడూ పొడుగ్గానే కనిపిస్తుంది.

నిజానికి దీనికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు. లైన్లో విడిగా రాసిన అచ్చులూ హల్లులూ కూడండి, అందులోంచి పొల్లు గుర్తులు తీసేయండి. స్త్రీలో హల్లులు మూడు, పొల్లులు రెండు, మిగిలింది ఒకటి. గుణింతం గుర్తులూ సున్నా లెక్కలోకి రావు. ఇంతకుముందు నేను వాడిన స్ప్రెడ్‌షీట్ చేసేది ఇదే, పైథాన్‌లో అయితే రెండు లైన్ల పని:

```
import re
aks = lambda s: len(re.findall("[\u0C05-\u0C39]", s)) - s.count("\u0C4D")
```

అంకెల సంగతి చూడండి. "1969" అని రాస్తే యాప్ దాన్నీ ఒక మాట కిందే లెక్కేసి 0.4 సెకను ఇచ్చింది. "పంతొమ్మిది వందల అరవై తొమ్మిది" అని చదివేసరికి పదమూడు అక్షరాలు, రెండు సెకన్ల పైమాటే. నా కోడ్ అయితే అంకెల్ని అసలు పట్టించుకోదు. కాబట్టి ఏ టూల్ వాడినా అంకెలూ శాతాలూ ముందు అక్షరాల్లో రాసుకోండి. వాయిస్ ఆర్టిస్టుకి కూడా ఎలా చదవాలన్న అనుమానం ఉండదు.

సరే, ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కామాకి ఎంత, వాక్యం చివర ఎంత ఆగాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. నేను 0.3, 0.6 పెట్టుకున్నాను. చేతులు కడుక్కోవడం మీద ఒక 30 సెకన్ల స్క్రిప్టుకి దీని విలువ బాగా తెలిసింది. మొదట్లో అర సెకను, చివర లోగోకి ఒకటిన్నర పోతే మిగిలింది 28. ఆరు వాక్యాల మధ్య ఐదు చోట్ల ఆగాలి, అది 3 సెకన్లు. ఐదు కామాలకి ఒకటిన్నర. అంటే నోరు కదిలే టైమ్ 23.5 సెకన్లే. సెకనుకి ఆరు చొప్పున 141 అక్షరాలు. చేతికొచ్చిన స్క్రిప్టులో 172 ఉన్నాయి.

ఇలాంటప్పుడు క్లయింట్ చెప్పే మాట తెలిసిందే: "కాస్త స్పీడుగా చదివేయండి." 172 చదవాలంటే సెకనుకి 7.3 పడాలి, ఐదో వంతు కంటే ఎక్కువ వేగం. వాక్యాల చివర్లు మింగేస్తాం, ఊపిరి తీసుకునే చప్పుడు రికార్డింగులో వినిపిస్తుంది. అంతకంటే స్క్రిప్టు తగ్గించడమే తేలిక. విషయం కోయక్కర్లేదు, క్రియల్ని కోస్తే చాలు. "కడుక్కోవాల్సిన అవసరం ఉంటుంది" పదమూడు, "కడుక్కోవాలి" ఐదు. "ఉపయోగించడం జరుగుతుంది" పదకొండు, "వాడతాం" మూడు. "అందువల్ల మనం గుర్తుంచుకోవాల్సిన విషయం ఏమిటంటే" అక్షరాలా ఇరవై! దాని బదులు "అందుకే" అంటే మూడు. ఈ మూడు చోట్లే 33 అక్షరాలు తగ్గి 139కి వచ్చాం. ఒక్క విషయం కూడా పోలేదు. ఈ "జరుగుతుంది" భాషని స్క్రిప్టుల్లోంచి తరిమేస్తే సగం రీటేకులు ఉండవు.

ఆ ఆరు నా లెక్క, మీది వేరే ఉంటుంది. ఒక నిమిషం స్క్రిప్టు మామూలుగా చదివి రికార్డ్ చేయండి, ఎడిటర్‌లో ఆగిన చోట్లన్నీ కోసేసి, మిగిలిన సెకన్లతో అక్షరాల్ని భాగించండి. కథ చదివే వేగం, ప్రకటన చదివే వేగం ఒకటి కావు, రెండూ విడిగా కొలవండి. అక్షరాల లెక్కకీ హద్దుంది. "సాఫ్ట్‌వేర్" లెక్కలో రెండే, "ఇది" కూడా రెండే, కానీ నోటికి రెండూ ఒకటి కావు. ఇంగ్లిష్ మాటలు, దీర్ఘాలు ఎక్కువున్న లైనుకి కొంచెం వదులు ఇవ్వాలి. మూడు నాలుగు మాటల లైనైతే లెక్కని నమ్మకుండా ఒకసారి పైకి చదివి చూసుకోవడమే.

యాప్‌ని దారిలోకి తేవాలని ఒక ఉపాయం కూడా చేశాను. ప్రతి అక్షరం తర్వాత స్పేస్ పెట్టి, ఒక్కో అక్షరాన్నీ ఒక్కో మాట అనుకునేలా చేశాను. అప్పుడు వేగం నిమిషానికి 360 పెట్టాలి. స్లైడర్ 220 దగ్గర ఆగిపోయింది! సపోర్ట్‌కి రాస్తే "ఏ భాషకైనా 150 బాగా పనిచేస్తుంది" అని జవాబు. అక్కడ నాకు చిరాకు వచ్చేసింది.

కాబట్టి తెలుగు స్క్రిప్టుల కోసం అయితే దీనికి డబ్బులు కట్టకండి. ఆ రంగులూ, ఆగే టైమ్ సెట్టింగూ నిజంగా బాగున్నాయి, ఫ్రీ అకౌంట్ ఉన్నన్నాళ్లూ వాటి కోసం తెరుస్తాను. సెకన్లు మాత్రం నా స్ప్రెడ్‌షీట్‌లోనే. అక్షరాల లెక్క పెట్టిన రోజున మళ్లీ రివ్యూ చేస్తాను. మీరు కొలుచుకున్న వేగం ఎంత వచ్చిందో కింద రాయండి, ముఖ్యంగా కథలు చదివేవాళ్లు.