స్టాక్ లేని పది రోజుల్లో నిజంగా పోయిన అమ్మకాలెన్ని?

రోజుకు 20 అమ్ముడయ్యే వస్తువు పది రోజులు స్టాక్‌లో లేదు. ఇరవై పదులు 200. "200 అమ్మకాలు పోయాయి" అని రిపోర్టులో రాసేస్తారు. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. గుణకారం సరిగ్గానే ఉంది, తప్పంతా గుణించిన అంకెల్లో ఉంది.

ఒక ఆన్‌లైన్ స్టోర్‌ని ఊహించుకుందాం. అందులో నీలం వాటర్ బాటిల్ ఒకటి ఉంది. ఈ వీడియో మొత్తం దాని గురించే.

[తెరపై: నీలం బాటిల్ ఆర్డర్ల గ్రాఫ్]

ముందుగా, ఈ 20 ఎక్కడిది? గ్రాఫ్ చూడండి, స్టాక్ అయిపోయే ముందు మూడు రోజుల్లో 105 బాటిళ్లు అమ్ముడుపోయాయి, అంటే రోజుకు 35. కొందరు ఆ 35నే పట్టుకుని 350 అమ్మకాలు పోయాయని గొడవ చేస్తారు. ఆగండి. చాలాసార్లు డిమాండ్ పెరగడం వల్లే స్టాక్ అయిపోతుంది, అందుకే ఆఖరి రోజులు తరచూ మామూలు కంటే ఎక్కువే చూపిస్తాయి. ఆర్డర్లు తెరిచి చూస్తే ఆ 105లో 45 ఒకే కస్టమర్ కొన్నవి. అవి తీసేస్తే 60, మళ్లీ రోజుకు 20. అంతకు ముందు నాలుగు వారాల సగటు కూడా 20 కాబట్టి ఈ అంకెను నమ్మవచ్చు.

కానీ స్టాక్ ఉండుంటే ఆ పది రోజుల్లో కూడా రోజుకు 20 అమ్ముడుపోయేవేనా? అది నీలం బాటిల్ చెప్పలేదు, అక్కడ అన్నీ సున్నాలే. స్టాక్ అయిపోని ఇంకో వస్తువును అడగాలి. ఇక్కడ లంచ్ బాక్సులను తీసుకుందాం. అవి మామూలుగా రోజుకు 100 పోతుంటే, ఆ పది రోజుల్లో 90కి తగ్గాయి. సీజన్ కాస్త చల్లబడిందన్నమాట. అదే తగ్గుదల బాటిల్‌కీ వేస్తే రోజుకు 18, మొత్తం 180.

ఇక్కడ చాలామంది పక్కనే ఉన్న ఆకుపచ్చ బాటిల్‌తో పోలుస్తారు. దయచేసి ఆ పని చేయకండి! నీలం దొరకనివాళ్లు ఆకుపచ్చ కొంటారు కదా, దాని లెక్క అప్పటికే చెడిపోయింది. లంచ్ బాక్సులు కూడా బాటిల్‌తో కలిపి ఒకే ఆర్డర్‌లో తరచూ వెళ్తుంటే పనికిరావు. పాత ఆర్డర్లలో అది చూసుకోవాలి.

పోల్చడానికి పనికిరాని ఆ ఆకుపచ్చ బాటిలే ఇంకో ప్రశ్నకు జవాబిస్తుంది. అది మామూలుగా రోజుకు 10 పోతుంది, సీజన్ తగ్గుదల వేస్తే 9 పోవాలి. నీలం లేని రోజుల్లో 15 పోయింది. రోజుకు ఆరు చొప్పున 60 మంది రంగు మార్చుకున్నారు, స్టోర్ వదిలి వెళ్లలేదు. 180లోంచి 60 తీసేస్తే 120.

[తెరపై: స్టాక్ తిరిగి వచ్చాక]

నాకు బాగా నచ్చే భాగం ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. స్టాక్ వచ్చిన మొదటి ఐదు రోజులు నీలం బాటిల్ రోజుకు 26 పోయింది. లంచ్ బాక్సులు ఇంకా 90 దగ్గరే ఉన్నాయి కాబట్టి 18 పోవాలి. ఎనిమిదైదులు 40, ఇవి ఆగి కొన్నవాళ్లవి. 120 కాస్తా 80 అయింది. స్టాక్ వచ్చిన రోజునే డిస్కౌంట్ కూడా పెట్టారా, ఇక ఈ 40ని నమ్మకండి.

సంబరపడకండి, తర్వాత పది రోజులు రోజుకు 16 మాత్రమే పోయి, ఆపైన 18కి చేరింది. స్టాక్ లేనప్పుడు సెర్చ్‌లో కిందికి జారిపోవడం వల్ల కావచ్చు, వేరే చోట కొన్నవాళ్లు తిరిగి రాకపోవడం వల్ల కావచ్చు. ఆ లోటు 20. మొత్తం 100, మొదట చెప్పిన 200లో సగం.

అయితే ఇది స్టోర్ లెక్క. ఆకుపచ్చ బాటిల్ వేరే కంపెనీదైతే, నీలం బాటిల్ తయారీదారుకు ఆ 60 కూడా పోయినట్టే, అతని నష్టం 160. నష్టం ఎవరిదో చెప్పకుండా అంకె చెప్పేవాళ్లతో వాదించి లాభం లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ఆర్డర్ పెట్టిన తేదీ వాడండి, పంపిన తేదీ కాదు. మధ్యాహ్నం స్టాక్ అయిపోయిన రోజును పూర్తి రోజుగా లెక్కేయకండి. పద్ధతిని పరీక్షించాలంటే, స్టాక్ ఉన్న ఏదో పది రోజులను లేనట్టు అనుకుని అంచనా వేసి, నిజంగా వచ్చిన ఆర్డర్లతో పోల్చండి. అలా కొన్నిసార్లు చేసి, తేడా 20 దాకా వస్తుంటే, 100 అని కాకుండా 80 నుంచి 120 అని చెప్పండి. ఇక వారానికి ఒకటి రెండు పోయే వస్తువులకు ఈ పద్ధతి పనిచేయదు. స్టాక్ ఉన్నా వాటికి సున్నా రోజులే ఎక్కువ, అలాంటివాటిని ఒక గుంపుగా కలిపి చూడాల్సిందే.