ఒకే తీగ మీద నాలుగు ఫోన్లు: ఎఫ్‌డీఎం, టీడీఎం

[తెర మీద: ఎడమ పక్క విజయవాడ, కుడి పక్క గుంటూరు, మధ్యలో ఒకే ఒక కేబుల్]

నమస్తే అండి. విజయవాడ నుంచి నలుగురు ఒకేసారి గుంటూరుకి ఫోన్ చేశారనుకుందాం. వన్‌టౌన్ వ్యాపారి మిర్చి యార్డుకి చేసి "ఏవండీ, తేజ రకం ఈరోజు ఎంత పలికింది?" అని అడుగుతున్నాడు. పటమట నుంచి ఒకమ్మాయి బ్రాడీపేటలో ఉన్న అమ్మమ్మతో మాట్లాడుతోంది. గుణదల, గవర్నరుపేటల నుంచి ఇంకో ఇద్దరు. తీగ మాత్రం ఒక్కటే. నాలుగు గొంతులూ అలాగే దాంట్లోకి వదిలితే అవతల వినపడేది గోల.

ఈ గోల తప్పించడానికి దారులు రెండు. ముందు ఎఫ్‌డీఎం, అంటే ఫ్రీక్వెన్సీని పంచుకోవడం. ఫోన్‌లో మన గొంతుకి 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఇస్తే మాట స్పష్టంగా అర్థమవుతుంది. అందుకని ఒక్కొక్కరికీ 4 కిలోహెర్ట్జ్ చోటు కేటాయిస్తారు.

[తెర మీద: 60–64, 64–68, 68–72, 72–76 కిలోహెర్ట్జ్, నాలుగు రంగుల్లో]

వన్‌టౌన్ వ్యాపారి గొంతుని 60–64 లోకి ఎలా ఎక్కిస్తారు? 64 కిలోహెర్ట్జ్ క్యారియర్‌తో, అంటే గొంతుని మోసుకెళ్లే తరంగంతో గుణిస్తారు. ఆయన గొంతులో 1 కిలోహెర్ట్జ్ స్వరం ఉందనుకోండి. గుణించగానే అది రెండు చోట్ల తేలుతుంది: 64 లోంచి 1 తీసేసిన 63 దగ్గర, 1 కలిపిన 65 దగ్గర. మనకి కావలసింది 63. ఆ 65ని ఫిల్టర్ కోసేయాలి. పటమట అమ్మాయికి క్యారియర్ 68, మిగతా ఇద్దరికీ 72, 76. ఇప్పుడు నలుగురూ ఒకే క్షణంలో, ఎవరి చోట్లో వాళ్లు, ఆపకుండా మాట్లాడుకోవచ్చు. గుంటూరులో ఒక్కో చోటునీ ఫిల్టర్‌తో వేరుచేసి, అదే క్యారియర్‌తో మళ్లీ కిందికి దింపుతారు.

ఫిల్టర్ సరిగ్గా కోయకపోతే ఏమవుతుందో చూడండి, నాకు బాగా నచ్చే భాగం ఇది. ఆ 65 పటమట అమ్మాయి చోట్లోకి జొరబడుతుంది. గుంటూరులో దాన్ని 68తో దింపుతారు కదా, 68 లోంచి 65 పోతే 3. అంటే వ్యాపారి పలికిన 1 కిలోహెర్ట్జ్ స్వరం అమ్మమ్మకి 3 కిలోహెర్ట్జ్‌గా వినిపిస్తుంది. ఆయన గొంతులో కింది స్వరాలు పైకి, పై స్వరాలు కిందికి తిరగబడతాయి. పక్కవాళ్ల మాట ఒక్క ముక్క కూడా అర్థం కాదు, వెనక ఏదో గుసగుసలా నలుగుతూ ఉంటుంది. ఫిల్టర్ తిన్నగా నిలువుగా కోయలేదు కాబట్టే పక్కపక్క గొంతుల మధ్య 900 హెర్ట్జ్ ఖాళీ వదులుతారు. దాన్ని గార్డ్ బ్యాండ్ అంటారు.

[తెర మీద: అదే కేబుల్, ఇప్పుడు కాలం గీత మీద వరసగా నాలుగు గళ్లు]

ఇక టీడీఎం, అంటే కాలాన్ని పంచుకోవడం. ఇక్కడ తీగ మొత్తం ఒక్కరిదే, కాకపోతే కాసేపే. గొంతుని సెకనుకి 8000 సార్లు కొలుస్తారు. 3400కి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే చాలు, ఆ కొలతల నుంచే అసలు గొంతుని తిరిగి కట్టొచ్చు. అంటే 125 మైక్రోసెకన్లకి ఒక కొలత, ఒక్కోటి 8 బిట్లు. ఆ 125ని నలుగురికి పంచితే ఒక్కొక్కరికి 31.25 మైక్రోసెకన్లు. వ్యాపారి 8 బిట్లు, అమ్మాయి 8, గుణదల 8, గవర్నరుపేట 8, మళ్లీ వ్యాపారి. ఒక్కరికి సెకనుకి 64 కిలోబిట్లు, నలుగురికి కలిపి తీగ మీద 256. వంతుల మధ్య ఎడం మన చెవికి అసలు తెలియదు.

ఇందులో చిక్కు ఫిల్టర్‌తో కాదు, లెక్కతో. వరస ఎక్కడ మొదలైందో గుంటూరుకి తెలియాలి. సరిగ్గా ఒక గడి జారితే అమ్మమ్మకి మిర్చి ధర వినపడుతుంది, అదీ స్పష్టంగా, పక్కనే కూర్చుని చెప్పినట్టు. ఒక్క బిట్టు జారితే నలుగురికీ బరబర శబ్దమే. అందుకే నిజమైన లైన్లలో వరస గుర్తుపట్టడానికే ఒక గడి ఇచ్చేస్తారు. మన దేశంలో వాడిన ఈ1 లైన్‌లో 32 గళ్లు ఉంటాయి, మొత్తం వేగం 2.048 మెగాబిట్లు. మొదటి గడి ఆ గుర్తుకి, ఇంకో గడి మామూలుగా సిగ్నలింగ్‌కి, అంటే ఎవరు ఎవరికి చేశారు, ఎప్పుడు పెట్టేశారు లాంటి కబుర్లకి. మిగిలిన 30 గళ్లలో 30 మంది మాటలు.

[తెర మీద: నాలుగు గళ్లలో ఒకటి ఖాళీగా]

అమ్మమ్మ చెప్పేది వింటూ పటమట అమ్మాయి పది సెకన్లు నోరు మెదపలేదనుకోండి. ఎఫ్‌డీఎంలో ఆమె 4 కిలోహెర్ట్జ్ అలాగే పడి ఉంటుంది. టీడీఎంలో ఆమె గడి సెకనుకి 8000 సార్లు వచ్చి నిశ్శబ్దాన్ని మోసుకెళ్తుంది. రెండింటిలోనూ ఆ చోటు ఫోన్ పెట్టేసేదాకా ఆమెదే, ఐదో మనిషికి దొరకదు.