ఆ మట్టి గీత తుడవొద్దు

(బెంగళూరు కె.ఆర్.పురంలో, తెలుగు చిరువ్యాపారుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూచున్న అక్కలకు, వెనక నిలబడ్డ తమ్ముళ్ళకు, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకొని టైముకు చేరిన ధైర్యవంతులకు ప్రత్యేకంగా నమస్కారం. కార్యదర్శి గారు నన్ను ‘క్రిమి సంహారకులు’ అని పరిచయం చేశారు. అంత పెద్ద మాట వద్దు సార్. మందు కొట్టేవాణ్ణి, అంతే. మా వీధిలో పిల్లలు ‘బొద్దింకల మామ’ అంటారు, దానికే పలుకుతాను.

నాకిచ్చిన విషయం, ఇంటి యజమానులు ఆగి చూసేలా చిన్న వీడియో మొదటి మూడు సెకన్లు ఎట్లా ఉండాలని. దీన్ని వీడియోలు తీసేవాళ్ళు హుక్ అంటారు. మనకు గాలం అనే మాట ఉండనే ఉంది. పది రకాల గాలాలు చెప్పమన్నారు. పది చెప్పను. నాకు తెలిసింది చెదలు, చెదల మీదే చెబుతాను.

ముందు నా కడుపుమంట కొంచెం వినండి. రెండేళ్ళ కింద ఒక ప్రచార సంస్థకు డబ్బు కట్టాను. పేరు చెప్పను, వాళ్ళకూ పిల్లాపాపలున్నారు. వాళ్ళు తీసిన వీడియోలో కంచంలో ఒక బొద్దింక, భయంకరమైన సంగీతం, ఎర్ర అక్షరాల్లో ‘మీ ఇంట్లో శత్రువు!’ అని. లక్షల మంది చూశారు. మా ఆవిడ వాళ్ళ తమ్ముడు కూడా ఫోన్ చేసి ‘బావా, నువ్వు ఫేమస్’ అన్నాడు. నెలంతా ఫోన్లే. ఒకడు కాన్పూర్ నుంచి, ఒకడు దుబాయ్ నుంచి, ఇంకొకడు ‘అంకుల్, ఆ బొద్దింక పేరేంది?’ అని. బెంగళూరులో ఇల్లున్నవాళ్ళెవరన్నా చేశారా అంటే, చేశారు, ఇద్దరు. ఒకరు బాడుగకున్నారు, ఓనర్ డబ్బులియ్యడట.

బొద్దింకను చూస్తే ఎవరైనా ఆగుతారు. హాస్టల్ కుర్రాడూ ఆగుతాడు. నాకు కావలసింది అందరూ కాదు కదా. సొంతిల్లు ఉండి, ఆ ఇంట్లో ఈ రోజు చెదలు తిరుగుతూ, ఆ సంగతి ఇంకా తెలియని మనిషి కావాలి. ఆ ఒక్క మనిషి వేలు ఆగితే చాలు.

అందుకని రెండో వీడియో మా మేనల్లుడూ నేనూ తీశాం. వార్డ్‌రోబ్ తలుపు మీద చెంచాతో కొట్టాను. ఇదిగో, ఈ బల్ల మీద కొడతాను, వినండి. టక్ టక్. గట్టి శబ్దం. చెదలు లోపల తినేసిన చోట కొడితే బోలుగా, డొల్లగా వస్తుంది. పైన లామినేట్ తళతళా మెరుస్తూనే ఉంటుంది, వెనక ప్లైవుడ్ పొడి అయిపోయి ఉంటుంది. వీడియోలో మొదటి మూడు సెకన్లూ మాటల్లేవు, రెండు శబ్దాలే. తెర మీద ‘రెండో శబ్దం మీ ఇంట్లో వస్తోందా?’ అని రాశాం. చూసినవాళ్ళు తక్కువే, కానీ అందరూ చెంచా పట్టుకొని లేచారు!

ఇక్కడే నేనొక తప్పు చేశాను. ఫ్లాట్లలో పడకగది తలుపులు చాలా చోట్ల లోపల ఖాళీగా ఉండే ఫ్లష్ డోర్లు. వాటి మీద ఎక్కడ కొట్టినా బోలుగానే మోగుతుంది. ‘మా ఇంట్లో అన్ని తలుపులూ తినేసినాయి, పరిగెత్తుకు రండి’ అని ఫోన్లు. మారతహళ్ళి నుంచి బన్నేరుఘట్ట దాకా తిరిగి, ‘అమ్మా, మీ తలుపు కొన్నప్పటినుంచే డొల్ల’ అని చెప్పి వచ్చాం. పెట్రోలు ఖర్చు నాదే. తర్వాత ఆ వీడియో తీసేసి, మళ్ళీ తీశాం. ఒకే పలక మీద రెండు చోట్ల కొట్టి చూడండి, ఒక చోట గట్టిగా, ఇంకో చోట డొల్లగా వస్తేనే ఫోన్ చెయ్యండి అని మార్చాం. ఆ ఒక్క వాక్యంతో ఉత్తి ఫోన్లు చాలావరకు తగ్గాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. హోరమావులో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, నెల్లూరు దంపతులు. పడకగది గుమ్మం పక్కన గోడ మీద పెన్సిలు లావున మట్టి గీత. చెదలకు ఎండ పడదు, గాలి తగిలితే ఎండిపోతాయి, అందుకని నేలలోంచి చెక్క దాకా మట్టితో సొరంగం కట్టుకొని వస్తాయి. ఆ అమ్మ శుభ్రం మనిషి. గీత కనపడగానే ఫినాయిలు గుడ్డతో తుడిచింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచింది. మూడోసారి స్ప్రే డబ్బా కొట్టింది. గీత పోయింది. అందరూ సంతోషం. నాలుగు నెలలకు వంటింట్లో అటక కింద చెక్క చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది.

మేం పోయేటప్పటికి గీత లేదు, గుర్తు లేదు. ఆ గీతే మాకు దారి చూపించేది. అది ఏ టైలు సందులోంచి పైకి లేచింది, బాత్రూం పైపు పక్కనుంచా, స్కర్టింగు కిందనుంచా అని తెలిస్తే అక్కడ మొదలు పెడతాం. తెలియకపోతే గది చుట్టూ, గోడా నేలా కలిసే చోటల్లా తవ్వాల్సిందే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 6313 మూడో భాగం కట్టేసిన ఇళ్ళ గురించే. 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, అడుగుకొకటి చొప్పున, రంధ్రానికి లీటరు దాకా మందు నీళ్ళు. ఆ ఇంట్లో నాలుగు గోడలూ డ్రిల్లు చేశాం. ఒక టైలు పగిలింది కూడా. అదే రంగు టైలు కోసం ఆయన ఊరంతా తిరిగాడు. ఆ తిట్లు నేనే తిన్నాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి మేనల్లుడితో అన్నాను, ‘రేయ్, రేపటి వీడియో ఇదే’ అని.

ఎట్లా తీశామో చెబుతాను, ఫోన్లలో రాసుకునేవాళ్ళు రాసుకోండి. మొదటి సెకను నుంచే గోడ మీద మట్టి గీత, దాని వైపు వెళ్తున్న తడిగుడ్డ చెయ్యి. మా కంపెనీ గుర్తు లేదు, ‘నమస్కారం ఫ్రెండ్స్’ లేదు. గుడ్డ తగలబోతుండగా చెయ్యి ఆగుతుంది, మా చెల్లెలి గొంతు వస్తుంది, ‘అక్కా, ఆ మట్టి గీత తుడవొద్దు!’ అని. ఇంట్లో మురికి కనపడితే తుడవాలనే చేతికి అలవాటు. తుడవొద్దంటే, ఎందుకు అని ఆగుతారు. అయితే అందరూ ఆగరు. ఆ గీత తమ గోడ మీద చూసినవాళ్ళే ఆగుతారు. నాకు కావలసింది వాళ్ళే.

ఆ తర్వాత గోరుతో గీతలో అరంగుళం గీకుతాం. లోపలినుంచి తెల్లటి పురుగులు కనపడతాయి, లేదా ఖాళీగా ఉంటుంది. ‘ఇప్పుడు ఫోటో తీయండి. రెండు రోజులాగి మళ్ళీ తీయండి. సందు కొత్త మట్టితో పూడిపోతే లోపల ప్రాణం ఉన్నట్టు’ అంటాం. పూడకపోతే పాత గీత కావచ్చు, లేదా దారి మార్చుకొని ఉండొచ్చు. పూడలేదు కాబట్టి చెదలు లేవని నేను చెప్పను, వీడియోలోనూ చెప్పలేదు. రెండు ఫోటోలూ పంపమంటాం, అంతే. మనిషి రెండు రోజులు ఆ గోడనే చూస్తూ ఉంటాడు, మా నంబరు ఫోన్లో ఉంటుంది. మేం ఇంటికి పోకముందే సగం తనిఖీ అయిపోతుంది.

చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు, అందుకని ఆ మాట తెర మీద కూడా రాయాలి. అడుగున రాస్తే పేరూ వివరాలూ దాన్ని కప్పేస్తాయి, కుడి పక్క గుండె బొమ్మలుంటాయి. కాబట్టి మధ్యకు కొంచెం పైన. కన్నడంలో ఇంకోసారి తీశాం. ‘ఒరెసబేడి’ అని పక్కింటావిడే గొంతిచ్చింది. డబ్బులడగలేదు, వాళ్ళ పూజగది తలుపుకు మందు కొట్టించుకుంది.

మేనల్లుడు ఇంకో గాలం కూడా తెచ్చాడు. ‘ఒక్క రోజులో చెదలు మాయం’. అది నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు మేం వాడే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందుల గొప్పతనమే నిదానం. చెదలు దాన్ని పసిగట్టవు, అందులోంచే నడుస్తాయి, ఒళ్ళంతా పూసుకొని తోటివాటికి అంటిస్తాయి. మర్నాడు పురుగు కదులుతూనే కనపడుతుంది. ‘ఒక్క రోజు’ అని నోరు జారితే మర్నాడు పొద్దున కస్టమరు ఫోన్ చేసి మన పుట్టుపూర్వోత్తరాలు తీస్తాడు. మీరు ఫ్యాన్లు బాగుచేసేవాళ్ళయితే చెప్పుకోండి ఒక్క రోజని. నేను చెప్పలేను.

టైమయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం సార్, ఉసిళ్ళ మాట చెప్పకుండా దిగను.

మాది మదనపల్లె పక్కన. తొలకరి వాన పడ్డ రాత్రి మా అవ్వ దీపం కింద వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పెట్టేది. ఆ ఉసిళ్ళు, మేం ఈసుళ్ళంటాం, వచ్చి పడేవి. రెక్కలు చెరిగి, వేయించి, బొరుగుల్లో కలిపి పెట్టేది. నవ్వకండి, మీలో తిన్నవాళ్ళున్నారని నాకు తెలుసు! ఆ ఈసుళ్ళే రెక్కలొచ్చిన చెదలు. బెంగళూరులో ఏప్రిల్, మే వానలకు ఫ్లాట్లలో ట్యూబులైటు చుట్టూ తిరిగేవీ అవే. పొద్దున ఊడిస్తే రెక్కలు చేటెడు.

వాటితో గాలం ఇట్లా వేశాం. అరచేతిలో రెక్కలు, ‘రాత్రి వానకు ఇవి ఊడ్చారా? ఎక్కడ ఊడ్చారు?’ అని. రాత్రే తీసి, పొద్దున ఊడ్చే వేళకు పెట్టేశాం. రెండు రోజులాగితే ఆ వీడియోకు విలువ లేదు. తర్వాత చీమల రెక్కలతో తేడా చూపించాం. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. చెదపురుగుకు నాలుగూ ఒకే పొడవు. ఇక జవాబు. బాల్కనీ లైటు కింద ఊడ్చారా, అవి బయటినుంచి వచ్చినవి కావచ్చు, కంగారు పడకండి. కిటికీలు మూసిన గదిలో, గుమ్మం మొదట్లోనో గోడ పగులు దగ్గరో కుప్పగా ఊడ్చారా, మాకు ఫోన్ చెయ్యండి.

ఇది విని మా మేనల్లుడు, ‘మామా, సగం మందిని నువ్వే ఫోన్ చెయ్యొద్దంటున్నావు!’ అని నెత్తి కొట్టుకున్నాడు. వాన రాత్రి బాల్కనీలో రెక్కలు పడని ఇల్లు ఈ ఊళ్ళో ఏదిరా? అందరూ ఫోన్ చేస్తే వెళ్ళడానికి మనకున్నవి రెండు స్కూటర్లు. ఆ వీడియోను అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గుంపుల్లో ఆడవాళ్ళే పంపుకున్నారు. ‘వద్దు’ అని చెప్పాడు కదా, ఇతను అబద్ధమాడడు అని ఒకావిడ రాసింది. ఆ గుంపునుంచే జూన్‌లో ఐదు ఇళ్ళ పని వచ్చింది.

రెండో చీటీ వచ్చింది. దిగుతున్నాను సార్. దిగేముందు ఈ బల్ల అడుగు పలక కూడా ఒకసారి కొడతాను, పొద్దున్నుంచి అనుమానంగా ఉంది. టక్. టక్. ఇక్కడ... డొబ్. విన్నారా? కార్యదర్శి గారూ, ఈ హాలు మనదేనా, బాడుగదా? ఎవరో గుడ్డ పట్టుకొని వస్తున్నారు. అమ్మా, ఆ వెనక గీత తుడవొద్దు, ముందు ఫోటో తీయనీ.