పొద్దున 20,556, సాయంత్రం 20,682: ఒకే పౌండ్ల ఆర్డరుకు రూపాయల్లో రెండు లెక్కలు ఎందుకొచ్చాయి?

[తెర మీద: శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ కొట్టు. బల్ల మీద సగం రంగు వేసిన గుడ్డ, పక్కన ల్యాప్‌టాప్.]

ఈ కొట్టు నడిపే అక్క ఇప్పుడు వెబ్‌సైట్‌లో కూడా అమ్ముతోంది. అమెరికా వాళ్లు డాలర్లలో, లండన్ వాళ్లు పౌండ్లలో, జర్మనీ వాళ్లు యూరోల్లో, ఈ మధ్య జపాన్ నుంచి ఒకాయన యెన్‌లలో కొన్నారు. తిరుపతి నుంచి వెళ్లి ఆమె లెక్కల షీట్ తయారుచేసి ఇచ్చింది నేనే. వారం తిరగకముందే ఫోనొచ్చింది.

"ఏంది తమ్ముడూ ఇది? పొద్దున చూస్తే ఆ లండన్ దుపట్టాలు ఇరవై వేల ఐదొందల యాభై ఆరు. ఇప్పుడు చూస్తే ఇరవై వేల ఆరొందల ఎనభై రెండు. నేనేమీ ముట్టుకోలేదు."

నిజమే, ఆమె ఏమీ ముట్టుకోలేదు. తప్పు నాది. ఈ వీడియో ఆ తప్పు గురించే.

[తెర మీద: గడియారం. 11:30 నుంచి 12:30 వరకు రంగు నిండుతుంది. తర్వాత ముల్లు 1:30 దగ్గర ఆగుతుంది.]

డాలరు ధర రోజంతా కదులుతూనే ఉంటుంది. ఆర్డరు వచ్చిన క్షణంలో ఎంత ఉందో పట్టుకుని లెక్క వేస్తే, రేపు ఆడిటరు వచ్చి "ఈ రేటు ఎక్కడిది?" అంటే చూపించడం కష్టం. అందుకే రోజుకు ఒక్కటే రేటు, అదీ చెప్పిన వేళకు కట్టినది, ఎవరైనా మళ్లీ తీసి చూసుకోగలిగినది వాడతాం. మన దేశంలో రూపాయికి అలాంటి రేటును ఎఫ్‌బీఐఎల్, అంటే ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా లిమిటెడ్ ఇస్తుంది. దీన్నే రిఫరెన్స్ రేటు అంటారు. 2018 జులై దాకా ఈ పని రిజర్వ్ బ్యాంకే చేసేది. డాలరు, పౌండు, యూరో, యెన్‌లకు ఇక్కడ రేట్లు దొరుకుతాయి.

దాన్ని కట్టే పద్ధతి నాకు భలే నచ్చుతుంది. ఉదయం 11:30 నుంచి 12:30 మధ్య ఏదో ఒక పావుగంటను లాటరీలా ఎంచుకుని, ఆ పావుగంటలో బ్యాంకుల మధ్య నిజంగా జరిగిన డాలరు లావాదేవీల నుంచి రేటు తీస్తారు. ఏ పావుగంటో ముందే తెలిస్తే ఆ కాసేపు ధరను అటో ఇటో నెట్టాలని చూసేవాళ్లు ఉంటారు గదా. రేటు బయటకు వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో.

అక్క షీట్‌లో గొడవ సరిగ్గా ఇక్కడే మొదలైంది. లండన్ ఆర్డరు సోమవారం ఉదయం 10:15కి వచ్చింది. సోమవారం రేటు అప్పటికింకా పుట్టనే లేదు. షీట్ ఏం చేసింది? చేతికందిన చివరి రేటు, అంటే శుక్రవారం రేటు తీసుకుంది. మధ్యాహ్నం కొత్త రేటు రాగానే అదే ఆర్డరును మళ్లీ లెక్క కట్టింది.

[తెర మీద: చిన్న పట్టిక]

| | శుక్రవారం | సోమవారం |
|---|---|---|
| 1 డాలరు | 85.40 | 85.90 |
| 1 పౌండు | 114.20 | 114.90 |
| 1 యూరో | 98.60 | 99.10 |
| 100 యెన్‌లు | 58.90 | 59.30 |

ఈ రేట్లు లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి, ఏ తేదీవీ కావు. ఆర్డరు 180 పౌండ్లు. శుక్రవారం రేటుతో 20,556. సోమవారం రేటుతో 20,682. తేడా 126 రూపాయలు. డబ్బు పెద్దదేం కాదు, కానీ పొద్దున ప్రింట్ తీసిన కాగితం, సాయంత్రం తీసిన కాగితం కలవకపోతే ఇక ఏ కాగితాన్నీ నమ్మబుద్ధి కాదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆర్డరు వచ్చిన నిమిషానికి అప్పటికే ప్రచురించిన రేటు ఏదో అదే శాశ్వతం అనుకోవడం. ఆ లెక్క ఇక మారదు. కానీ సోమవారం పొద్దున అమ్మినదానికి శుక్రవారం రేటు పడుతుంది. రెండోది, ఆర్డరు ఏ తేదీదైతే ఆ తేదీ రేటు. అకౌంటింగ్ ప్రమాణాలు కూడా లావాదేవీ జరిగిన తేదీ నాటి రేటునే అడుగుతాయి కాబట్టి నేను దీనివైపే మొగ్గుతాను. మరి పొద్దున లెక్క సంగతి? పొద్దున లెక్కే కట్టొద్దు. పగలంతా షీట్‌లో పౌండ్లను పౌండ్లుగానే ఉంచి, రోజు ముగిశాక అర్ధరాత్రి దాటిన తర్వాత రూపాయల్లోకి మార్చండి. ఆ రోజుకు రేటు ఉంటే మధ్యాహ్నమే వచ్చేసి ఉంటుంది, మళ్లీ మారదు. నేను మొదట్లో ఈ చిన్న పని చేసి ఉంటే అక్క ఫోన్ వచ్చేదే కాదు.

[తెర మీద: రాత్రి వేళ. శ్రీకాళహస్తి కొట్టు మూసి ఉంది. ఫోన్‌లో ఆర్డరు వచ్చిన మెరుపు: 01:40.]

"ఆర్డరు తేదీ" అన్నాను గదా, ఏ ఊరి తేదీ? వెబ్‌సైట్ల సర్వర్లు చాలావరకు యూటీసీ సమయాన్ని, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే సమయాన్ని దాస్తాయి. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. అమెరికా నుంచి ఒకామె 240 డాలర్ల చీర కొన్నది. సర్వర్ రికార్డులో ఆదివారం 20:10 అని ఉంది. మన లెక్కన అది సోమవారం తెల్లవారుజామున 1:40. ఆదివారం అనుకుంటే శుక్రవారం రేటు పడి 20,496 వస్తుంది. సోమవారం అనుకుంటే 20,616. అమెరికాలో మధ్యాహ్నం, సాయంత్రం అయ్యే సమయం మనకు అర్ధరాత్రి దాటిన వేళ కాబట్టి ఇలాంటివి ఒకటీ అరా కాదు, చాలానే ఉంటాయి. అక్క పుస్తకాలు మన సమయంలో నడుస్తాయి, రేటు కూడా మన సమయంలోనే కడతారు. అందుకని ముందు ఐదున్నర గంటలు కలిపి, ఆ తర్వాతే తేదీ తీయాలి.

[తెర మీద: షీట్. A2లో యూటీసీ సమయం.]

```
D2: =INT(A2+TIME(5,30,0))
E2: =XLOOKUP(D2,rates!A:A,rates!B:B,,-1)
F2: =XLOOKUP(D2,rates!A:A,rates!A:A,,-1)
```

D2లో మన తేదీ వస్తుంది. E2లో రేటు. ఈ ఉదాహరణలో rates అనే రేట్ల షీట్‌లో A నిలువు వరుసలో తేదీలు, B నిలువు వరుసలో డాలరు రేట్లున్నాయి, మిగతా కరెన్సీలకు వాటి వరుస పెట్టుకోవాలి. చివరన ఉన్న -1 అర్థం: ఆ తేదీ దొరకకపోతే దానికి ముందున్న తేదీ తీసుకో. శని, ఆదివారాల ఆర్డర్లకు శుక్రవారం రేటు వచ్చేది దీనివల్లే. సెలవులు మాత్రం రేటు కట్టే ముంబయివి చూసుకోవాలి, మనవి కాదు. కనుమ రోజు మనం పండగలో ఉన్నా అక్కడ పనిదినమైతే రేటు వస్తుంది. మే 1 మహారాష్ట్ర దినోత్సవం, అక్క కొట్టు తెరిచే ఉన్నా ఆ రోజు రేటు రాదు.

ఈ -1తో ఒక ప్రమాదం ఉంది. మీరు పది రోజులు రేట్లు ఎక్కించడం మరిచిపోయినా షీట్ నోరెత్తదు. పది రోజుల పాత రేటుతో చక్కగా లెక్క చూపిస్తుంది, ఎక్కడా ఎర్ర గుర్తు రాదు. F2 పెట్టింది అందుకే. అందులో వాడిన రేటు ఏ తేదీదో కనిపిస్తుంది. D2 నుంచి F2 తీసేస్తే వారాంతంలో 1 లేదా 2 వస్తుంది, సెలవులు కలిసొస్తే 3, 4. నాలుగు దాటిన గడికి నేను ఎర్ర రంగు పెట్టాను. ఆ రంగు కనబడితే లెక్క ఆపి రేట్ల షీట్ చూసుకోవాలి.

[తెర మీద: రామాయణ ఘట్టాలున్న గోడ గుడ్డ. ధర: 36,000 యెన్‌లు.]

జపాన్ ఆయన శనివారం కొన్న గుడ్డ ఇది. యెన్ రేటును ఎఫ్‌బీఐఎల్ నూరు యెన్‌లకు ఇస్తుంది. అది గమనించకుండా 36,000ని 58.90తో గుణిస్తే ఒక్క గుడ్డ ఇరవై ఒక్క లక్షల ఇరవై వేల నాలుగొందలు అవుతుంది. నూరుతో భాగిస్తే అసలు లెక్క, 21,204. ఒక్కటే ఆర్డరు కాబట్టి కంటికి తగిలింది. రోజూ పది వచ్చే చోట "జపాన్‌లో మనకు గిరాకీ బాగుంది" అని మురిసిపోయేవాళ్లం. రేట్ల షీట్‌లోకి ఎక్కించేటప్పుడే నూరుతో భాగించి, ఒక్క యెన్ రేటుగా 0.5890 అని రాసుకోండి. ఆర్డర్ల వైపు భాగిస్తే ఎక్కడో ఒకచోట మరిచిపోతాం, లేదా రెండుసార్లు భాగిస్తాం.

అదే శనివారం జర్మనీకి 150 యూరోల దుపట్టా ఒకటి వెళ్లింది. శుక్రవారం రేటుతో 14,790. యూరో రేటు కోసం కొందరు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు పట్టికకు వెళ్తారు. అది మంచి పట్టికే, కానీ వాళ్లు రేటు కట్టేది అక్కడి మధ్యాహ్నం 2:10కి. మనకు అది సాయంత్రం, వేసవిలో 5:40, చలికాలంలో 6:40. డాలరు మధ్యాహ్నం రేటు, యూరో సాయంత్రం రేటు కలిపితే ఒకే రోజు లెక్కలో రెండు వేళలు దూరతాయి. ఒకే చోటి రేట్లు వాడండి.

నాలుగూ కలిపితే 77,292. మొదటి దారిలో, అంటే ఆర్డరు నిమిషానికి ఉన్న రేటుతో కట్టి ఉంటే 77,046. తేడా 246 రూపాయలు డాలరు, పౌండు ఆర్డర్లదే. మిగతా రెండింటికీ రెండు దారుల్లోనూ శుక్రవారం రేటే పడింది.

[తెర మీద: అక్క ఫోన్‌లో బ్యాంకు సందేశం.]

ఇదంతా సరిచేసి చూపిస్తే అక్క బ్యాంకు సందేశం ముందు పెట్టింది. "అమెరికా చీరకు నా ఖాతాలో పడింది ఇరవై వేల నూరు. నువ్వేమో ఇరవై వేల ఆరొందల పదహారు అంటావు. మిగతాది నువ్వు ఇస్తావా?"

రిఫరెన్స్ రేటుకు ఎవరూ మనకు డాలర్లు మార్చిపెట్టరు. డబ్బు రెండు మూడు రోజుల తర్వాత వస్తుంది, అప్పటి రేటు వేరు, బ్యాంకు తన మార్జిన్ వేసుకుంటుంది, పేమెంట్ గేట్‌వే తన రుసుము కోసుకుంటుంది. ఆ 516 రూపాయల్లో రుసుము ఖర్చుల కింద, మిగిలింది మారకపు తేడా కింద వేరే గడుల్లో రాయాలి. అమ్మకం మాత్రం 20,616గానే ఉండాలి. ఆ అంకెను బ్యాంకు పంపిన మొత్తానికి సరిపెట్టాలని దిద్దితే, చీరల గిరాకీ పెరిగిందో బ్యాంకు ఎక్కువ కోసిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. జీఎస్టీ కోసం సరుకు విలువ కట్టేటప్పుడు కస్టమ్స్ బోర్డు ప్రకటించే రేటు వాడాలి, అది ఇంకో లెక్క. దానికి విడిగా ఒక నిలువు వరుస పెట్టి మీ అకౌంటెంటుకు ఇవ్వండి.

వారం తర్వాత ఆ అమెరికా ఆమె రంగు నచ్చలేదని చీర తిప్పి పంపింది. ఆ రోజు డాలరు 86.60 అనుకుందాం. 240 డాలర్లు తిరిగి ఇస్తే 20,784 అవుతుంది. ఆ మొత్తాన్నే అమ్మకాల్లోంచి తీసేస్తే, అసలు అమ్ముడే పోని చీర మీద అమ్మకాలు 168 రూపాయలు మైనస్‌లోకి పోతాయి. అమ్మకాల్లోంచి తీయాల్సింది మొదట ఎక్కించిన 20,616. మిగతా 168 మారకపు తేడా గడిలోకి వెళ్తుంది. అందుకే షీట్‌లో రిఫండ్ వరుసకు పాత ఆర్డరు నంబరు కూడా రాయమన్నాను. రేటు ఆ నంబరును వెతుక్కుని అక్కడినుంచే వస్తుంది, రిఫండ్ తేదీనుంచి కాదు.

[తెర మీద: తిరిగొచ్చిన చీర మడత విప్పుతున్న అక్క చేతులు.]

"రంగు బాగానే ఉందే," అంది అక్క.