ఫారెక్స్ కార్డులో ఎంత లోడ్ చేయాలి? హిమాయత్‌నగర్ కౌంటర్‌లో మా లెక్క

హాయ్ అండీ, ఈసారి డాలస్ నుంచి కాదు, హైదరాబాద్ నుంచే వ్లాగ్. మా అక్క కొడుకు ఎంఎస్‌కి టెక్సాస్ వస్తున్నాడు, ఇంకో పన్నెండు రోజుల్లో ఫ్లైటు. బావగారేమో "బ్యాంకు డెబిట్ కార్డు ఉందిగా అమ్మా, మళ్లీ ముందే డాలర్లు నింపుకుని వాడే ఈ ఫారెక్స్ కార్డు దేనికి?" అంటారు, అక్కేమో మొత్తం అయిదు వేల డాలర్లూ ఫారెక్స్ కార్డులోనే వేసేయాలంటుంది. ఇద్దరినీ వెంటబెట్టుకుని పొద్దున్నే హిమాయత్‌నగర్‌లో ఒక ఫారెక్స్ కౌంటర్‌కి వచ్చాం. పాస్‌పోర్టు, వీసా, యూనివర్సిటీ పంపిన ఐ-20, టికెట్, పాన్ కార్డు తెచ్చుకున్నాం, డాలర్లు కొనడానికి వాళ్లిచ్చే ఎ2 ఫారం అక్కడే నింపాలి.

ముందు బావగారి ప్రశ్న చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి మార్కెట్లో డాలర్ 85 రూపాయలు అనుకుందాం. కౌంటర్‌లో కార్డు రేటు 86.20 చెప్పారనుకోండి, 1,500 డాలర్లకి 1,29,300 అవుతుంది. దాని మీద మార్పిడి జీఎస్టీ సుమారు 206 రూపాయలు. కార్డు ఇచ్చినందుకు ఫీజు కూడా ఉంటుంది, కానీ స్టూడెంట్ అని అడిగితే చాలాచోట్ల తీసేస్తారు, నోరు తెరిచి అడగాలంతే. ఇప్పుడు అదే 1,500 డాలర్లు డెబిట్ కార్డుతో గీకితే? రేటు దాదాపు 85.30 పడుతుంది, వినడానికి బాగానే ఉంటుంది, కానీ చాలా బ్యాంకులు దాని మీద మూడున్నర శాతం మార్కప్ వేస్తాయి, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. కలిపితే 1,33,200 పైనే. అంటే 3,700 రూపాయలు తేడా. బావగారు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి రెండుసార్లు కొట్టి చూసుకున్నారు. మీ కార్డుకి మార్కప్ లేకపోతే కథ వేరు, అది మీ బ్యాంకు చార్జీల పట్టికలో ముందే చూసుకోండి.

మరి అక్క చెప్పినట్టు అయిదు వేలూ వేసేద్దామా? వద్దన్నాను. ఎందుకంటే మిగిలిన డాలర్లు వెనక్కి ఇచ్చేటప్పుడు వాళ్లు కొనే రేటు వేరే ఉంటుంది. కౌంటర్‌లో అమ్మాయిని అడిగితే బోర్డు చూపించింది: అమ్మేది 86.20, కొనేది 83.40. డాలర్‌కి 2.80 పోయినట్టే, వెయ్యి డాలర్లు మిగిలితే 2,800 రూపాయలు, ఆపైన జీఎస్టీ, కొన్నిచోట్ల కార్డు మూసేసే ఫీజు. పైగా కార్డు మావాడి పేరు మీద ఉంటుంది, రీఫండ్ ఫారం మీద సంతకం వాడిదే కావాలి, వాడేమో డాలస్‌లో ఉంటాడు.

నా సంగతి చెప్తాను. చదువుకునే రోజుల్లో మొదటిసారి సెలవులకి వచ్చినప్పుడు కార్డులో 180 డాలర్లు ఉన్నాయి కదా అని మూసేయడానికి వెళ్లాను. రీఫండ్‌కి 80 డాలర్లే వస్తాయన్నారు. ఊరు బయల్దేరేముందు ఒక హోటల్లో దిగాను, వాళ్లు డిపాజిట్‌గా 100 డాలర్లు పట్టి ఉంచారు, అది ఇంకా విడుదల కాలేదు. పెట్రోల్ బంకుల్లో కూడా ఇలాగే నింపిన దానికంటే ఎక్కువ పట్టి ఉంచి తర్వాత వదులుతారు. ఆ వంద కోసం తర్వాత మెయిళ్లు రాస్తూ రెండు వారాలు టెన్షన్ పడ్డాను. అందుకే మూసేయడానికి వెళ్లేముందు యాప్‌లో పెండింగ్ ఏమీ లేదని చూసుకోండి, హోటల్ డిపాజిట్‌కి ఈ కార్డు అసలు ఇవ్వకండి. ఊరికే పడి ఉన్న కార్డు మీద కొన్ని నెలల తర్వాత వాడకం లేని ఫీజు కోసే కంపెనీలూ ఉన్నాయి.

చివరికి మేం వేసింది 1,500 డాలర్లు. మొదటి నెల అద్దె, అడ్వాన్సు, పరుపు, సరుకులు, అంతకే. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాక మిగతాది నేరుగా ఆ ఖాతాకే పంపుతాం. మధ్యలో తక్కువైతే బావగారు ఇక్కణ్ణుంచి రీలోడ్ చేయొచ్చా, ఏ కాగితాలు కావాలి అన్నది ఇప్పుడే కౌంటర్‌లో అడిగి ఆ ఫారం కాపీ తీసుకున్నాం.

కవరు తెరిస్తే మాకు రెండు కార్డులు వచ్చాయి. రెండోది మొదటిది పోతే వాడుకోవడానికి, ఒరేయ్, దాన్ని పర్సులో కాదు, సూట్‌కేస్‌లో పెట్టు అని మావాడికి రెండుసార్లు చెప్పాను. డెబిట్ కార్డు కూడా వెంట ఉండాలి, కానీ అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేయాలి, లిమిట్ తక్కువ పెట్టాలి. ఏటీఎమ్‌లో మాత్రం ఏ కార్డుతోనైనా మన వైపు ఫీజు ఒకటి, అక్కడి మెషీన్ ఫీజు ఇంకొకటి పడొచ్చు, కాబట్టి కొంచెం కొంచెంగా తీయొద్దు. మెషీన్ INR కావాలా USD కావాలా అని అడిగితే USD నొక్కాలి. రూపాయలు నొక్కితే ఫారెక్స్ కార్డులో ఉన్న డాలర్లే రూపాయలై, మళ్లీ డాలర్లై రెండుసార్లు కోత పడుతుంది. మావాడు ఆ మాట ఫోన్‌లో రాసుకున్నాడు, అక్క అప్పటికే బయట ఆటో పిలుస్తోంది.